ముగింపు సరుకు వెనుక ఒక వాక్యం

(శ్రీకాకుళంలో వాణిజ్య శాస్త్ర విద్యార్థులు, చిన్న వ్యాపారులు హాజరైన సదస్సులో ఒక విశ్రాంత బ్యాంకు అధికారి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో వ్యాపారులు, వెనుక విద్యార్థులు కూర్చున్నారు. నేను కాలేజీలో ఉన్నప్పుడూ ఇంతే, వెనుకే కూర్చునేవాణ్ణి. తలుపు దగ్గరగా ఉంటుంది కదా.

నాకు ఇచ్చిన విషయం ఖాతాలకు జతచేసే నోట్సు, అకౌంటింగ్ విధానాలు. వీటన్నిటి గురించీ చెప్పాలంటే రెండు రోజులు పడుతుంది, మీకు నిద్ర కూడా వస్తుంది. కాబట్టి ఒక్క సంగతే చెబుతాను. సంవత్సరం చివర గోదాములో మిగిలిన సరుకుకు ధర ఎలా కట్టారో చెప్పే నోటు అది. మన జిల్లాలో జీడిపప్పు మిల్లు లెక్క చదవాలన్నా, రైసు మిల్లు లెక్క చదవాలన్నా నేను మొదట తిప్పేది ఆ పేజీయే.

ఇది నేను పొరపాటు చేసి నేర్చుకున్న పాఠం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక శాఖలో రుణాల దరఖాస్తులు చూసేవాణ్ణి. ఒక జీడిపప్పు మిల్లు యజమాని క్యాష్ క్రెడిట్ పరిమితి పెంచమని అడిగాడు. మిల్లు పేరు, ఊరు చెప్పను. మీలో కొందరు పలాస, కాశీబుగ్గ నుంచి వచ్చారు, లేనిపోని ఊహలు మొదలవుతాయి. ఆ దరఖాస్తులో అంకెలు కూడా అప్పటివి కావు. మీకు తేలికగా ఉండాలని గుండ్రంగా చేసి, ఈనాటి ధరలకు దగ్గరగా మార్చాను. లెక్క నడిచిన తీరు మాత్రం అచ్చంగా అదే.

అంతకు ముందు సంవత్సరం మిల్లుకు లాభం 9 లక్షలు. ఆ సంవత్సరం 35 లక్షలు. అమ్మకాలు దాదాపు మారలేదు. నేను చాలా సంతోషించాను. పిక్కలు చౌకగా కొన్నారేమో, పప్పు మంచి ధరకు అమ్మారేమో అనుకున్నాను. సిఫారసు రాసి మేనేజరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన రెండు నిమిషాలు తిరగేసి, “పోయిన సంవత్సరం నోట్సు తెచ్చుకున్నారా?” అని అడిగారు. పోయిన సంవత్సరం బాలెన్స్ షీటు తెచ్చాను గానీ, దాని వెనుక పేజీలు ఫైల్లోనే వదిలేశాను. ఆయన ఇంకేమీ అనలేదు. రెండు సంవత్సరాల నోట్సూ పక్కపక్కన పెట్టుకుని, మాట మాటా సరిచూసి రమ్మన్నారు. చిన్న పిల్లలకు పద్యాలు అప్పగించమన్నట్టు ఉందని నాకు కాస్త కోపం కూడా వచ్చింది.

పోయిన సంవత్సరం రెండో నోటులో సరుకు గురించి ఇలా ఉంది: “ముడి సరుకును సగటు ఖరీదు ప్రకారం, ఖరీదు లేదా నికర విక్రయ విలువ, ఏది తక్కువైతే దానికి లెక్కించడమైనది.” ఈ సంవత్సరం అదే చోట ఇలా ఉంది: “ముడి సరుకును ముందు వచ్చినది ముందు వాడిన పద్ధతిలో ఖరీదుకు లెక్కించడమైనది. ఈ సంవత్సరం నుంచి పద్ధతి మార్చడమైనది. మార్పు ప్రభావం నిర్ణయించడం సాధ్యపడలేదు.” మూడు వాక్యాలు. పెరిగిన 26 లక్షలూ ఈ మూడు వాక్యాలలోనే ఉన్నాయి.

ఎలా ఉన్నాయో చూద్దాం. విద్యార్థులు కాగితం తీసుకోండి. వ్యాపారులకు అవసరం లేదు, మీరు నోటితోనే లెక్క కట్టేస్తారు.

మన దగ్గర జీడి పిక్కల ధర 80 కిలోల బస్తాకు చెబుతారు. ఉద్దానంలో కోత మార్చి నుంచి మే, జూన్ వరకు ఉంటుంది. ఆర్థిక సంవత్సరం మార్చి 31న ముగుస్తుంది. అంటే లెక్కలు కట్టే రోజుకు కొత్త పంట ఇంకా పూర్తిగా రాదు, పాత పంట దాదాపు అయిపోయి ఉంటుంది. మిల్లు ఆగకూడదంటే కొందరు బయటి దేశాల పిక్కలు కొంటారు. ఆఫ్రికాలో టాంజానియా పంట అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తుంది కాబట్టి, మన పంట లేని కాలంలో అది అక్కరకు వస్తుంది. ధర మాత్రం మన చేతిలో ఉండదు. అందువల్ల మార్చి 31న గోదాములో ఉన్న బస్తాలు తరచుగా ఆ సంవత్సరంలో అన్నిటికన్నా ఎక్కువ పెట్టి కొన్నవే అవుతాయి. ఈ విషయం గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా తేలికే.

ఆ మిల్లులో సంవత్సరం మొదట 1,000 బస్తాలు ఉన్నాయి, బస్తా 10,000 రూపాయలు, మొత్తం కోటి. పంట కాలంలో 3,000 బస్తాలు కొన్నారు, బస్తా 11,000 చొప్పున 3 కోట్ల 30 లక్షలు. చివర్లో మరో 1,000 బస్తాలు, బస్తా 14,000, అంటే కోటీ 40 లక్షలు. అన్నీ కలిపి 5,000 బస్తాలు, 5 కోట్ల 70 లక్షలు. వీటిలో 4,000 బస్తాలు మిల్లులో వాడేశారు. మార్చి 31న 1,000 బస్తాలు మిగిలాయి.

ఈ వెయ్యి బస్తాల విలువ ఎంత? సగటు పద్ధతిలో 5 కోట్ల 70 లక్షలను 5,000తో భాగిస్తే బస్తా 11,400. మిగిలిన సరుకు కోటీ 14 లక్షలు. ముందు వచ్చినది ముందు వాడినట్టు లెక్కిస్తే పాత బస్తాలు, పంట కాలపు బస్తాలు అన్నీ వాడుకలోకి పోయి, చివర కొన్నవే మిగిలాయని అర్థం. అప్పుడు బస్తా 14,000, మిగిలిన సరుకు కోటీ 40 లక్షలు. తేడా 26 లక్షలు. ముగింపు సరుకు ఎంత ఎక్కువైతే ఖర్చు అంత తగ్గుతుంది, లాభం అంత పెరుగుతుంది. 9కి 26 కలిపితే 35.

గోదాములో బస్తా పెరగలేదు. పెట్టెలో రూపాయి పెరగలేదు. వాడిన పిక్క, అమ్మిన పప్పు, ఇచ్చిన కూలి, కట్టిన వడ్డీ ఏదీ మారలేదు.

ఇక్కడ కొందరికి ఒక అనుమానం రావచ్చు: అయితే అది దొంగ లెక్కా? కాదు. రెండు పద్ధతులనూ మన అకౌంటింగ్ ప్రమాణాలు ఒప్పుకుంటాయి. సరుకు విలువ గురించి చెప్పే రెండో ప్రమాణంలో సగటు పద్ధతీ ఉంది, ముందు వచ్చినది ముందు పోయే పద్ధతీ ఉంది. చివర వచ్చినది ముందు పోయే పద్ధతికి మాత్రం అనుమతి లేదు. కాబట్టి 9 లక్షలూ సరైన లాభమే కావచ్చు, 35 లక్షలూ సరైన లాభమే కావచ్చు. ఏ పద్ధతిలో వచ్చిందో తెలియకుండా 35 అనే అంకెను 9 పక్కన పెట్టి పోల్చినవాడిదే తప్పు. ఆ రోజు ఆ పని చేసింది నేను.

పద్ధతి మార్చుకోవడానికి కూడా హద్దులున్నాయి. చట్టం అడిగితే మార్చవచ్చు, కొత్త ప్రమాణం వస్తే మార్చవచ్చు, లేదా కొత్త పద్ధతి సంస్థ పరిస్థితిని ఇంకా బాగా చూపిస్తుందంటే మార్చవచ్చు. అయిదో ప్రమాణం చెప్పేది ఇదే. మార్చినప్పుడు ఆ సంగతి చెప్పాలి, లాభం మీద దాని ప్రభావం ఎంతో అంకె చెప్పాలి. నిజంగా లెక్క తేలకపోతే, తేలలేదని చెప్పాలి. ఇక్కడ మూడో వాక్యాన్ని మళ్లీ చదవండి: “ప్రభావం నిర్ణయించడం సాధ్యపడలేదు.” మనం ఇప్పుడు ఈ హాల్లో అయిదు నిమిషాల్లో నిర్ణయించాం. కొనుగోలు బిల్లులు చేతిలో ఉన్నవాళ్లకు సాధ్యపడలేదంటే, సాధ్యపడటం ఇష్టం లేదని నేను అర్థం చేసుకుంటాను. అంకె ఉండాల్సిన చోట మాటలు కనిపిస్తే కాస్త ఆగండి.

ఇంతవరకూ నోటు తనంతట తాను ఒప్పుకున్న మార్పు. నా కళ్లు రెండోసారి కూడా దాటిపోయిన మార్పు ఇంకొకటి ఉంది. పోయిన సంవత్సరం వాక్యంలో “ఖరీదు లేదా నికర విక్రయ విలువ, ఏది తక్కువైతే దానికి” అని ఉంది. ఈ సంవత్సరం “ఖరీదుకు” అని మాత్రమే ఉంది. మిగతా మాటలు జారిపోయాయి. పద్ధతి మార్చామని చెప్పారు గానీ, ఈ మాటలు తీసేశామని ఎక్కడా చెప్పలేదు. మేనేజరు గారు ఎర్ర పెన్సిలుతో ఆ ఖాళీ చోట సున్నా చుట్టారు. లేని మాట చుట్టూ సున్నా చుట్టడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

నికర విక్రయ విలువ అంటే పెద్ద విషయమేమీ కాదు. ఈ సరుకును అమ్మదగినదిగా తయారు చేసి అమ్మితే ఎంత వస్తుంది, అందులోంచి ఇంకా పెట్టాల్సిన ఖర్చు తీసేస్తే ఎంత మిగులుతుంది అన్నదే. పిక్కల విషయంలో ఇలా చూస్తారు. ఒక బస్తా నుంచి రకాన్ని బట్టి సుమారు 20 నుంచి 23 కిలోల పప్పు వస్తుంది. మనం 22 అనుకుందాం. అందులో 14 కిలోలు గుండ్లు, 5 కిలోలు బద్ద, 3 కిలోలు ముక్క. గుండు కిలో 800, బద్ద 680, ముక్క 500 ధర పలుకుతుందనుకుంటే బస్తాకు 11,200, 3,400, 1,500, మొత్తం 16,100 వస్తుంది. బస్తాను పప్పుగా మార్చడానికి పెంకు అమ్మిన డబ్బు పోను 2,900 ఖర్చు. అమ్మకపు ఖర్చు 200. అవి తీసేస్తే 13,000 మిగులుతుంది.

అంటే 14,000 పెట్టి కొన్న బస్తా మీద తిరిగి రాగలది 13,000. దాన్ని 14,000కు పుస్తకంలో ఉంచకూడదు. వెయ్యి బస్తాల మీద 10 లక్షలు తగ్గించి రాయాలి. ముడి సరుకు విషయంలో ప్రమాణం ఒక వెసులుబాటు ఇస్తుంది. ఆ సరుకుతో తయారయ్యే వస్తువు ఖరీదుకు గానీ అంతకన్నా ఎక్కువకు గానీ అమ్ముడుపోతుందంటే ముడి సరుకు విలువ తగ్గించనక్కర్లేదు. ఇక్కడ అది వర్తించదు. 14,000కు 2,900, 200 కలిపితే 17,100. పప్పు మీద వచ్చేది 16,100. బస్తాకు వెయ్యి నష్టం ఖాయంగా కనిపిస్తోంది.

సగటు పద్ధతిలో ఉండి ఉంటే ఈ చిక్కే లేదు. అక్కడ బస్తా 11,400, అది 13,000 కన్నా తక్కువే. కాబట్టి కొత్త పద్ధతికి మారిన మిల్లు ఆ జారిపోయిన మాటలను నిలుపుకుని ఉంటే లాభం 35 కాదు, 25 లక్షలు. రెండు మార్పులూ కలిస్తేనే 35. ఒకటి చెప్పి చేసింది, రెండోది చెప్పకుండా చేసింది.

రైసు మిల్లు వాళ్లు నవ్వుతున్నారు. మీ సంగతీ చెప్పనా? బియ్యం, నూక, తవుడు, ఊక. ఇవన్నీ ఒకే ధాన్యం నుంచి వచ్చేవే. ఖర్చును వాటి మధ్య ఎలా పంచుతున్నారు? జీడిపప్పులో కూడా ఇదే అసలు కిటుకు. నోటులో దీని గురించి ఉండేది ఒక్క ముక్కే: “తయారైన సరుకును ఖరీదుకు.” ఏ ఖరీదుకు?

సగటు పిక్కల ధర 11,400కు 2,900 కలిపితే బస్తాకు 14,300. ఇరవై రెండు కిలోలకు పంచితే కిలోకు సరిగ్గా 650. తూకం ప్రకారం పంచితే గుండుకూ 650, ముక్కకూ 650. కానీ ముక్క అమ్ముడుపోయేది 500కు. సంవత్సరం చివర గోదాములో ఏం మిగులుతుందో వ్యాపారులకు తెలుసు. పెద్ద గుండ్లు మిగలవు, మిఠాయి అంగళ్లకు పోవాల్సిన ముక్క మిగులుతుంది. రెండు టన్నుల ముక్క మిగిలిందనుకోండి. 650 చొప్పున 13 లక్షలు పుస్తకంలో ఉంటుంది. అమ్మితే వచ్చేది 10 లక్షలు. అమ్మకపు ఖర్చు వదిలేసినా 3 లక్షలు గాలిలో ఉన్నట్టే.

అదే అమ్మకపు విలువల నిష్పత్తిలో పంచితే ముక్కకు పడే ఖరీదు కిలోకు దాదాపు 444, గుండుకు దాదాపు 711. అప్పుడు మిగిలిన ముక్క 8 లక్షల 88 వేలకే పుస్తకంలో ఉంటుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. తూకం ప్రకారం పంచినా ఫరవాలేదు, కానీ విక్రయ విలువతో పోల్చేటప్పుడు గుండు, బద్ద, ముక్క విడివిడిగా పోల్చాలి. అన్నీ కలిపి పోలిస్తే గుండు మీద వచ్చే లాభం ముక్క మీద పోయే నష్టాన్ని కప్పేస్తుంది. సరుకు రకం వారీగా పోల్చాలన్నది ప్రమాణంలోని నియమమే. నోటులో “రకం వారీగా” అన్న మాట ఉందా అని చూడండి. లేకపోతే మిగిలిన సరుకు ఏ రకమో అడగండి. గోదాముకు వెళ్లే అవకాశం ఉంటే వెళ్లండి. నేను వెళ్లేవాణ్ణి. డబ్బాలు ఎత్తి చూస్తే ఏ నంబరు గుండో, ఎంత ముక్కో పది నిమిషాల్లో తెలుస్తుంది.

ఇంకో వాక్యం గురించి హెచ్చరించాలి. చిన్న సంస్థల లెక్కల్లో ఇది చాలా చోట్ల కనిపించేది: “ముగింపు సరుకు యాజమాన్యం లెక్కించి, విలువ కట్టి, ధ్రువీకరించిన మేరకు.” ఇది విధానం కాదు. పద్ధతి ఏదో చెప్పకుండా, విలువ కట్టింది ఎవరో చెప్పి ఊరుకోవడం. పిల్లవాడు పరీక్ష పేపరు తానే దిద్దుకుని మార్కులు చెప్పినట్టు. ఇలాంటి వాక్యం ఉన్నప్పుడు ముగింపు సరుకు అంకెను తీసి పక్కన పెట్టి, అది పదో వంతు తగ్గితే లాభం ఏమవుతుందో చూస్తాను. మన మిల్లులో సగటు పద్ధతి ప్రకారం కోటీ 14 లక్షల్లో పదో వంతు 11 లక్షల 40 వేలు. ఆ పద్ధతిలో లాభం 9 లక్షలే. అంటే సరుకు విలువలో చిన్న పొరపాటు ఉన్నా లాభం కాస్తా నష్టమవుతుంది. అటువంటి సంస్థలో లాభం అంకె కన్నా సరుకు నోటే ముఖ్యం. సరుకు నిల్వ పెద్దగా అవసరం లేని వ్యాపారమైతే, ఒక ఆసుపత్రో, రవాణా సంస్థో అనుకోండి, ఈ నోటు మీద ఇంత సమయం పెట్టను. అక్కడ తరుగుదల నోటుకో, రావాల్సిన బాకీల నోటుకో వెళ్తాను.

సరే, నోటు చదివాం. అనుమానం వచ్చింది. అది నిజమో కాదో లెక్కల్లోనే ఇంకెక్కడైనా తెలుస్తుందా? తెలుస్తుంది. లాభం 26 లక్షలు పెరిగితే ఆ డబ్బు ఎక్కడో కనబడాలి. అప్పు తగ్గాలి, బ్యాంకులో నిల్వ పెరగాలి, ఏదైనా యంత్రం వచ్చి ఉండాలి. ఆ మిల్లు క్యాష్ క్రెడిట్ ఖాతా సంవత్సరం పొడుగునా పరిమితి అంచునే ఉంది. మార్చి నెలలో రెండుసార్లు దాటింది కూడా. పెరిగిందల్లా సరుకు విలువ ఒక్కటే. కాగితం మీద లాభం గోదాములో కూర్చుందన్నమాట.

ఇప్పుడు మీకు మాకన్నా మంచి ఆధారం ఒకటి ఉంది. కంపెనీల చట్టం కింద లెక్కలు సమర్పించే నమూనాను 2021లో సవరించారు. సరుకు వంటి ఆస్తులు చూపించి బ్యాంకు అప్పు తీసుకున్న కంపెనీ, మూడు నెలలకొకసారి బ్యాంకుకు ఇచ్చే స్టాకు వివరాలు తన పుస్తకాలతో సరిపోతున్నాయో లేదో నోట్సులో చెప్పాలి. సరిపోకపోతే తేడా ఎంతో, ఎందుకో కూడా చెప్పాలి. మా కాలంలో ఈ రెండు కాగితాలూ ఒకే చోట కలిసేవి కావు. బ్యాంకుకు ఇచ్చినది బ్యాంకు ఫైల్లో, ఆడిటర్‌కు ఇచ్చినది ఆడిటర్ ఫైల్లో. ఆ నోటులో తేడాలు ఉండి, కారణం దగ్గర “సర్దుబాట్ల వల్ల” అని మాత్రమే ఉంటే, ఆ కంపెనీలో ముగింపు సరుకును మళ్లీ లెక్కించాలి. అయితే ఇది కంపెనీలకే. మన జిల్లాలో చాలా మిల్లులు సొంత వ్యాపారాలు, భాగస్వామ్య సంస్థలు. వాటికి ఈ నమూనా వర్తించదు. అక్కడ అడిగి తెలుసుకోవాల్సిందే.

ఇక్కడ ఒక విద్యార్థిని చీటీ పంపింది. “సత్యం కంపెనీ నోట్సు చదివి ఉంటే మోసం ముందే తెలిసేదా?” మంచి ప్రశ్న, నిజాయితీగా చెప్పాలి. తెలిసేది కాదు. 2009 జనవరిలో ఆ కంపెనీ ఛైర్మన్ రాసిన లేఖ ప్రకారం లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవు. బ్యాంకు నిల్వకు విలువ కట్టే విధానం ఏముంటుంది? రూపాయిని రూపాయే అంటారు. ఉందని అబద్ధం చెబితే నోటు కూడా ఆ అబద్ధమే చెబుతుంది. అక్కడ పని చేయాల్సింది బ్యాంకు నుంచి నేరుగా తెప్పించుకునే ధ్రువీకరణ. నోట్సు చూపించేది సంస్థ ఎంచుకున్న దారిని. ఎంపికకు అవకాశం ఉన్న చోటే వాటి ఉపయోగం. సరుకు, తరుగుదల, రాని బాకీలు, ఆదాయాన్ని ఎప్పుడు గుర్తించాలి అన్నవి అలాంటి చోట్లు.

దీనికి ఎదురు ఉదాహరణ అమెరికాలో ఎన్రాన్. ఆ కంపెనీ 2000 సంవత్సరపు వార్షిక నివేదికలో 16వ నోటు సంబంధిత పక్షాలతో లావాదేవీల గురించి. కంపెనీ సీనియర్ అధికారి ఒకరు నడిపే భాగస్వామ్య సంస్థలతో ఎన్రాన్ వ్యాపారం చేస్తోందని అందులో ఉంది. చదివితే అర్థం కాని భాషలో ఉంది, కానీ ఉంది. 2001 డిసెంబరులో కంపెనీ దివాలా తీసింది. చదివి అర్థం కాకపోవడం కూడా ఒక సమాచారమే. కొన్ని వందల కోట్ల సంస్థ తన అధికారితోనే చేసే వ్యాపారాన్ని మూడుసార్లు చదివినా మీకు అర్థం కాకపోతే, మీ చదువు తక్కువైందని అనుకోకండి.

మన మిల్లు దగ్గరికి తిరిగి వద్దాం. చాలామంది అడిగే ప్రశ్న, ఎంత సమయం పడుతుంది అని. సరుకు నోటు ఒక్కటే అయితే పావుగంట. నేను చేసే పని ఇదీ. రెండు సంవత్సరాల నోట్సూ పక్కపక్కన పెట్టి ఒక్కో మాటా టిక్కు పెట్టుకుంటూ పోతాను. కొత్తగా వచ్చిన మాట ఎంత ముఖ్యమో, పోయిన మాటా అంతే ముఖ్యం. తరవాత బస్తాల లెక్క, అంటే మొదటి నిల్వ, కొన్నవి, వాడినవి, మిగిలినవి అడిగి తీసుకుంటాను. ఆ నాలుగు అంకెలూ, ధరలూ ఉంటే ఏ పద్ధతిలోనైనా విలువ మనమే కట్టుకోవచ్చు. వాడిన బస్తాలను 22తో హెచ్చించి, తయారైన పప్పుతో పోలుస్తాను. నాలుగు వేల బస్తాలకు 88 టన్నుల పప్పు రావాలి. పుస్తకంలో 80 టన్నులే ఉంటే పిక్క నాసిదైనా కావాలి, 8 టన్నులు పుస్తకం బయట అమ్మి అయినా ఉండాలి, లేదా వాడిన బస్తాలు ఎక్కువ రాసి ఉండాలి. వీటిలో ఏదన్నది నోటు చెప్పదు, కానీ ఏం అడగాలో తెలుస్తుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరవాత ఉద్దానంలో జీడి చెట్లు ఎలా పడిపోయాయో మీరు చూశారు. ఆ తరవాతి సంవత్సరాల లెక్కలు చూసేటప్పుడు పిక్కలు ఎక్కడివి, ఏ ధరవి అన్నది ఇంకా జాగ్రత్తగా చూడాల్సి వచ్చేది. స్థానిక పంట తగ్గినప్పుడు గోదాములో బయటి సరుకు వాటా పెరుగుతుంది. ధర తేడా పెరిగితే, రెండు పద్ధతుల మధ్య లాభం తేడా కూడా పెరుగుతుంది. ధరలు నిలకడగా ఉన్న సంవత్సరంలో మాత్రం ఏ పద్ధతైనా దాదాపు ఒకే అంకె వస్తుంది. అప్పుడు ఎవరూ పద్ధతి మార్చరు. ఎవరైనా మారిస్తే, మార్చిన సంవత్సరంలో ధర ఎటు వెళ్లిందో చూడమని నేను అనేది అందుకే.

మరో సంగతి. ఈ సంవత్సరం ముగింపు సరుకే వచ్చే సంవత్సరం మొదటి సరుకు. కోటీ 40 లక్షలతో మొదలైన సంవత్సరం, కోటీ 14 లక్షలతో మొదలవ్వాల్సిన సంవత్సరం కన్నా 26 లక్షలు ఎక్కువ ఖర్చుతో మొదలవుతుంది. ధర పడితే ఆ 26 లక్షలూ తిరిగి లాభంలోంచి పోతాయి. అప్పుడు యజమాని బ్యాంకుకు వచ్చి, ఈ సంవత్సరం వ్యాపారం బాగా లేదండీ అంటాడు. వ్యాపారం రెండు సంవత్సరాలూ ఒకేలా ఉంది. లాభం ఒక సంవత్సరం నుంచి మరో సంవత్సరానికి అప్పుగా వచ్చింది, అంతే.

ఆ దరఖాస్తు ఏమైందని కొందరు అడగాలనుకుంటున్నారు, మొహాల్లో కనిపిస్తోంది. లాభం 9 లక్షల ప్రాతిపదికన పరిమితి లెక్క కట్టాం. యజమాని అడిగిన దానిలో సగం కన్నా తక్కువ వచ్చింది. ఆయన శాఖకు వచ్చి నా ముందు కూర్చున్నాడు. కోపంగా ఉంటాడనుకున్నాను. రెండో నోటు చూపించి, ఇందులో ప్రభావం అంకె ఎందుకు వేయలేదండీ అని అడిగాను. ఆయన కాసేపు ఆగి, “అసలు ఆ వాక్యమే వద్దన్నాను బాబూ. అది వేయకపోతే సంతకం పెట్టనని ఆడిటర్ గారు రెండు రోజులు కాగితాలు దగ్గర పెట్టుకున్నారు. చివరికి అంకె లేకుండా వేసేలా ఒప్పించాను” అన్నాడు. తరవాత టీ తాగి వెళ్లిపోయాడు. మరుసటి సంవత్సరం లెక్కల్లో “ఏది తక్కువైతే దానికి” అన్న మాటలు మళ్లీ వచ్చాయి.